నెలకు నాలుగు ఆదివారాలు

భోగి ఇంకా రెండు రోజులుందనగా మా మాచవరంలో ఏ వీధిలోకి వెళ్లినా ఒకటే వరస. సోఫాలు వాకిట్లో ఉంటాయి, పరుపులు ప్రహరీ మీద ఉంటాయి, ఫ్రిజ్ గడపకి అడ్డంగా నిలబడి ఉంటుంది. ఇంటావిడ తలకి గుడ్డ చుట్టుకుని నిచ్చెన ఎక్కి ఉంటుంది, మొగుడు కింద నిచ్చెన పట్టుకుని విసుక్కుంటూ ఉంటాడు. ఏడాది మురికంతా రెండు రోజుల్లో వదిలించాలని ఆరాటం. తీరా పండగ తెల్లవారేసరికి అరిసెలు వండే ఓపిక ఎవరికీ ఉండదు, స్వీటు షాపు నుంచి డబ్బాలు వస్తాయి. చూస్తుంటే నాకు కడుపు మండిపోతుంది. ఇల్లు శుభ్రం చేసుకోవడం రానివాళ్లు కాదు వీళ్లు. పనిని పంచుకోవడం మర్చిపోయారు.

మా రోజుల్లో పండగకి ఇల్లు దులపలేదా అంటే, దులిపాం. కానీ అప్పటికే పదకొండు నెలల పని సాగి ఉండేది. నేను కాపురానికి వచ్చిన ఇంట్లో దానికి కాగితం లేదు, లెక్క లేదు, వారమే లెక్క చెప్పేది. గురువారం సాయంత్రం దేవుడి సామాను బయటపడేది, చింతపండు పిప్పితో తోమి బోర్లించేవాళ్లం. శుక్రవారం పొద్దున గడపకి పసుపు రాసేముందు పొయ్యిగడ్డ అలికి, వంటింటి గోడకి పట్టిన మసి తడిగుడ్డతో తుడవాల్సిందే. అమావాస్యకి ముందు రోజు మా అత్తగారు బూజుకర్ర తీసేది. పౌర్ణమి దగ్గరపడితే దుప్పట్లు, బొంతలు ఉడకబెట్టి ఉతికే పని. ఎండాకాలంలో నులకమంచాలు నడివాకిట్లో పడేసి, కోళ్ల సందుల్లో సలసల కాగే నీళ్లు పోసేవాళ్లం, నల్లులు చావడానికి. సుమారు 50 డిగ్రీల వేడి తగిలితే నల్లి బతకదు, గుడ్డు కూడా బతకదు. పక్కనున్న రెంటచింతల ఎండల గురించి రాష్ట్రమంతా చెప్పుకుంటుంది, ఆ ఎండనే మేం మందుగా వాడుకున్నాం.

అలా రోజుకో మూల, వారానికో పని అయిపోతుంటే, సంక్రాంతికి మిగిలేది వెల్ల వేయడం ఒక్కటే. దాని గురించి కాస్త చెప్పాలి. ఇప్పటి పిల్లలు డబ్బాలో రంగు తప్ప సున్నం ముఖం చూడలేదు.

పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చిన సున్నపురాయి బస్తాలో వచ్చేది. పెద్ద కుండలో సగానికి నీళ్లు పోసి, ఆ రాళ్లు ఒక్కొక్కటే వేసేవాళ్లు. కింద నిప్పు లేకుండానే కుండ కుతకుతా ఉడికేది, ఆవిరి పైకి లేచేది. ఆ పూట పిల్లల్ని ఆ ఛాయలకి రానిచ్చేవాళ్లు కాదు. ఆ చుక్క కంట్లో పడితే కన్ను పోతుంది. రాత్రంతా చల్లారనిచ్చి, మర్నాడు పాత పంచెలో వడగట్టి, గుప్పెడు ఉప్పు, చిటికెడు నీలిమందు కలిపేవాళ్లు. ఈతమట్ట చివర నలగ్గొట్టి కుంచె చేసేవాళ్లు. కొత్తగా వేసేవాడు ఎప్పుడూ ఒకే పొరపాటు చేస్తాడు. తడి మీద తెల్లగా కనపడలేదని చిక్కగా పూస్తాడు. వారం తిరక్కుండా అది పెచ్చులూడి నెత్తిన పడుతుంది. తెలిసినవాడు మజ్జిగ నీళ్లంత పల్చగా రెండు చేతులు వేస్తాడు. ఆరుతుంటే తెలుపు దానంతటదే పైకి తేలుతుంది. తడి సున్నంలోని ఘాటు క్షారానికి గోడ పగుళ్లలో ఉన్న బూజూ పురుగూ మిగలవు. అంటే అది గోడకి అందం ఒక్కటే కాదు, ఏడాదికోసారి గోడకి పెట్టిన మందు.

ఇప్పుడు ఆ గోడలు లేవు, ఆ పొయ్యి లేదు. కట్టెల పొగ పోయింది, మంచిదే, నా కళ్లు దానికి బాగా మండినవే. ఇప్పుడు గచ్చు మీద టైల్స్, గోడకి ప్లాస్టిక్ రంగు, నెత్తిన ఫ్యాను, స్నానాలగదిలో గీజరు. వస్తువు పదింతలైంది. మా అత్తగారింట్లో వంటింటి సామానంతా ఎత్తి వాకిట్లో పెట్టడానికి గంట పట్టేది. ఇప్పుడు మా కోడలి వంటింట్లో ఒక్క కప్‌బోర్డు ఖాళీ చేయడానికే గంట పడుతోంది. ఇంత సామాను ఉన్న ఇంటిని ఏడాదికి ఒక్కసారి దులుపుతామంటే ఎలా కుదురుతుంది? ఇరాన్‌లో నౌరోజుకి ముందు ఇల్లంతా దులుపుతారట, దాన్ని ఖానే తకానీ అంటారు. జపాన్‌లో డిసెంబరు చివర చేసేదాన్ని ఓసోజి అంటారు. లోకమంతా పండగ ముందు దులుపుతూనే ఉంది. ఆ పెద్ద దులుపుడు వెనక ఏడాది పొడుగునా చిన్న దులుపుళ్లు ఉండాలన్న సంగతే మనవాళ్లు వదిలేశారు.

పోయినేడు మా కోడలే వచ్చి అడిగింది. ఆ పిల్ల స్కూల్లో టీచరు, వారంలో ఆరు రోజులు ఊపిరాడదు. "అత్తయ్యా, మీ కాలంలో లాగా శుక్రవారం, అమావాస్య అంటే నాకు కుదరదు. నాకున్నది ఆదివారం పొద్దున రెండున్నర గంటలు. అందులో సర్దగలరా?" అంది. ఎందుకు సర్దలేను? ఇద్దరం కూర్చుని సర్దాం. ఏడింటికి మొదలు, తొమ్మిదిన్నరకి ఆపేయాలి. పదింటికల్లా ఎవరి చేతిలోనూ చీపురు ఉండకూడదు. ఆ నియమం నేనే పెట్టాను. ఆదివారం రోజంతా శుభ్రానికే పోతే మూడో వారానికే మనిషికి విసుగొస్తుంది, ఆ తర్వాత ఏ పద్ధతీ నిలబడదు.

ఇంట్లో ఉన్నవి హాలు, రెండు పడకగదులు, వంటిల్లు, రెండు స్నానాలగదులు, ముందు నాపరాళ్ల వరండా. మా కోడలు మొదట కాగితం మీద వారానికో గది చొప్పున సమానంగా పంచింది. నేను కొట్టేశాను. మురికి గదికి సమానంగా రాదు. హాల్లో పడే దుమ్ము నెల తర్వాత తుడిచినా దుమ్ముగానే ఉంటుంది, పొడిగుడ్డకి వచ్చేస్తుంది. వంటింట్లో తాలింపు నుంచి లేచిన నూనె అలా కాదు. మొదటి వారం పల్చటి పొర, దాని మీద దుమ్ము అంటుతుంది, గాలి తగిలి నెల రెండు నెలల్లో బంకవుతుంది, ఆర్నెల్లకి లక్కలా బిగుసుకుంటుంది. అప్పుడు గుడ్డతో కాదు, చాకుతో గీకాలి. అందుకే నెలలో రెండు ఆదివారాలు వంటింటికే ఇచ్చాను, మొదటిది పైభాగానికి, మూడోది కిందిభాగానికి. రెండో ఆదివారం స్నానాలగదులు. నాలుగో ఆదివారం హాలు, ఒక పడకగది. ఈ నెల ఒక పడకగది, వచ్చే నెల రెండోది. ఏడాదిలో నాలుగైదు నెలలకి ఐదో ఆదివారం వస్తుంది, అది అటకది. అటకని పూర్తిగా దింపే పని పెట్టుకోకూడదు, ఆ రోజుకి ఒక పక్క చాలు.

మొదటి ఆదివారం ఎలా జరుగుతుందో చెబుతాను. ముందు సిలిండరు వాల్వు కట్టేయాలి, ఎగ్జాస్టు ఫ్యాను ప్లగ్గు పీకేయాలి. స్విచ్చి ఆపితే చాలనుకోకూడదు, తడిచేత్తో చేసే పని. తర్వాత పైనుంచి కిందకి. బూజు ముందు, ఆ తర్వాత అల్మరా నెత్తి, ఆ తర్వాత ఫ్యాను, చివరికి పొయ్యి వెనక టైల్స్. ఇప్పటివాళ్లు ముందు గచ్చు మెరిసేట్టు కడిగేసి ఆ తర్వాత బూజుకర్ర తీస్తారు, మళ్లీ గచ్చు కడుగుతారు. రెండింతల నీళ్లు, రెండింతల నడుంనొప్పి.

జిడ్డుకి బజారులో రంగురంగుల సీసాలు వచ్చాయి. మాకు బట్టల సోడా ఉండేది, ఇప్పటికీ కిరాణా కొట్లో దొరుకుతుంది. లీటరు వేడినీళ్లలో రెండు చెంచాల సోడా కరిగించి, గుడ్డ ముంచి పిండి, జిడ్డు పట్టిన టైల్స్ మీద పరిచి పది నిమిషాలు వదిలేయాలి. సోడాకి, వేడికి నూనె సబ్బులా మారి వదులవుతుంది. గట్టిగా రుద్దే పని ఉండదు. రుద్దాల్సి వస్తోందంటే ఇంకో పది నిమిషాలు ఆగలేదన్నమాట. ఆఖరున మంచినీళ్ల గుడ్డతో తుడవాలి, లేకపోతే తెల్ల చారలు మిగులుతాయి. చేతికి గ్లవుజులు వేసుకోవాలి, సోడా చర్మం మీది నూనెని కూడా వదలదు.

ఒక్క జాగ్రత్త. అల్యూమినియం సామాను సోడా నీళ్లలో వేయకూడదు, నల్లబడి పాడైపోతుంది. చాలా చిమ్నీల్లో జల్లెడలు, కొన్ని ఫ్యాను రెక్కలు అల్యూమినియంవే. వాటికి గిన్నెలు తోమే సబ్బు, వేడినీళ్లు చాలు. ఏది అల్యూమినియమో తెలియకపోతే అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే ఇనుమో, కొన్ని రకాల స్టీలో. అంటుకోకపోతే మాత్రం సోడా జోలికి వెళ్లకండి, సబ్బే వాడండి.

పని సరిగ్గా నడుస్తోందో లేదో చెప్పడానికి మా అత్తగారు ఒక పరీక్ష పెట్టేది, నేను ఇప్పటికీ అదే చేస్తాను. అల్మరా నెత్తి మీద వేలుతో గీత గీయాలి. వేలు జారిపోయి దుమ్ము పొడిగా వస్తే నెల గడువు సరిపోతోంది. వేలు పట్టేసినట్టు ఆగిందంటే ఆ ఇంట్లో వేపుళ్లు ఎక్కువ, గడువు తగ్గించుకోవాలి. మా ఇంట్లో మొదటిసారి వేలు కదల్లేదు. ఆ రోజు మేం చేసింది శుభ్రం కాదు, తవ్వకం. ఒక్క ఎగ్జాస్టు ఫ్యానుకే ఆదివారం మొత్తం పోయింది. మూడో నెలకి అదే ఫ్యాను పావుగంటలో అయింది.

ఇక స్నానాలగదుల దగ్గరే నాకు ఇప్పటివాళ్ల మీద ఎక్కువ కోపం. పల్నాడులో ఉంటూ పల్నాడు నీళ్లేమిటో తెలుసుకోకపోతే ఎలా?

మన కాళ్ల కిందంతా సున్నపురాయి. అందుకే పిడుగురాళ్లలో బట్టీలు, చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు. వరండాలో పరిచిన నాపరాయీ ఆ జాతిదే. ఆ రాయి లోంచి ఊరిన బోరు నీళ్లు ఆ రాయిని కరిగించుకునే పైకొస్తాయి. కుళాయి చివర నీటిచుక్క ఆరినప్పుడు, గీజర్లో నీళ్లు కాగినప్పుడు, ఆ కరిగిన రాయి మళ్లీ గట్టిపడి కూర్చుంటుంది. షవరు కన్నాలు మూసేసే తెల్ల గార అదే. మేం గోడకి వేసిన సున్నం కూడా గాలి తగిలి మళ్లీ రాయయ్యేది. ఇన్ని చోట్ల కనిపించేది ఒక్క రాయే. గోడ మీద అది కావాలి, గచ్చుకి అదే బలం, కుళాయికి మాత్రం వద్దు. ఈ తేడా గుర్తుంటే స్నానాలగది పని సగం వచ్చినట్టే.

సున్నపురాయిని పులుపు తినేస్తుంది. కాబట్టి కుళాయి గార వదలాలంటే పులుపే మందు. పాలిథీన్ సంచిలో వెనిగరు పోసి, షవరు తల మునిగేట్టు తొడిగి, రబ్బరు బ్యాండుతో బిగించి గంటసేపు వదిలేస్తాం. సన్నటి బుడగలు లేస్తుంటాయి. అవి ఆగిపోయాక తీసి, పాత టూత్‌బ్రష్షుతో కన్నాలు రుద్ది, కుళాయి పూర్తిగా తిప్పితే లోపలి పెచ్చులు బయటికి రాలతాయి. రాత్రంతా ఉంచితే ఇంకా బాగా పోతుందనుకోకండి, కుళాయి మీది మెరుగు కూడా పోతుంది. నెలకోసారి చేస్తే గంట చాలు. ఏడాది వదిలేస్తే షవరే మార్చుకోవాలి. గీజరు సంగతి చెవికే తెలుస్తుంది. నీళ్లు కాగేటప్పుడు లోపల టపటపమని చప్పుడు వస్తున్నా, మునుపటికంటే ఆలస్యంగా కాగుతున్నా, కడ్డీకి గార కట్టిందని అర్థం. అది మనం విప్పే పని కాదు, మెకానిక్కుని పిలవాలి.

ఆ పులుపే నాపరాయి మీద పడితే ఏమవుతుందో మా వరండాయే సాక్ష్యం. మూడేళ్ల కిందట పండగ ముందు, పట్నం నుంచి డీప్ క్లీనింగ్ మనుషుల్ని పిలిపించాడు మా అబ్బాయి. మెషీన్లతో వచ్చారు, గబగబా చేశారు. వరండాలో నాపరాళ్ల మీద నల్లమచ్చలు ఉన్నాయని బాత్రూం యాసిడ్ చల్లి బ్రష్షు కొట్టారు. బుస్సుమని నురగ లేచింది. మురికి వదులుతోందని వాళ్లు సంబరపడ్డారు. వదిలింది మురికి కాదు, రాయి. నీళ్లు కొట్టి ఆరేసరికి, యాభై ఏళ్లు కాళ్లతో నడిచి నడిచి నున్నబడిన రాళ్ల మీద గరుకు తెల్లమచ్చలు పడ్డాయి. మా ఆయన ఉండగా దగ్గరుండి పరిపించిన రాళ్లవి. ఆ పూట నేను అన్నం తినలేకపోయాను. తర్వాత తాపీమేస్త్రీని పిలిచి పాలిష్ రాయితో రుద్దించాం. కొంత కలిసింది, గడప పక్కనున్న రెండు రాళ్లు మాత్రం ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

రాయి ఏ జాతిదో తెలియకపోతే, ఎవరికీ కనపడని మూల ఒక్క నిమ్మచుక్క వేసి ఒంగి చూడండి. బుడగలు లేచాయంటే అది నాపరాయో, పాలరాయో. దాని మీద యాసిడ్, వెనిగరు, నిమ్మకాయ, చింతపండు ఏదీ పడకూడదు. చుక్క అలాగే కూర్చుంటే గ్రానైటో, టైలో, భయం లేదు. చూసిన వెంటనే నీళ్లతో కడిగేయాలి. నాపరాయికి కొంచెం సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లు, కొబ్బరి ఈనెల చీపురు, ఓపిక చాలు. స్నానాలగదిలో కుళాయికి వెనిగరు కట్టినప్పుడు కూడా, కింద నాపరాయి ఉంటే బేసిన్ పెట్టాలి.

ఇంకొకటి చెప్పి తీరాలి, ఇది ప్రాణాల సంగతి. మా ఇంట్లోనే ఒకసారి, సాయానికి వచ్చిన కుర్రాడు బ్లీచింగ్ పౌడరు చల్లి, అది పనిచేయలేదని దాని మీదే బాత్రూం యాసిడ్ పోశాడు. తలుపు వేసి ఉంది. నిమిషంలో ఘాటు వాసన, వాడికి దగ్గు తెర మీద తెర, కళ్ల వెంట ధారగా నీళ్లు. చెయ్యి పట్టి బయటికి లాగి, ఆరుబయట కూర్చోబెట్టాం. గంటకి తేరుకున్నాడు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గాలి పుడుతుంది. అది ఊపిరితిత్తుల్ని కాలుస్తుంది. తలుపు మూసి ఉన్న చిన్న గదిలో మనిషినే తీసేస్తుంది. అందుకని మా ఇంట్లో బ్లీచింగు వాడిన ఆదివారం యాసిడ్ సీసా గదిలోకి రాదు, యాసిడ్ వాడిన రోజు బ్లీచింగు రాదు. ఒకటి వంటింటి అటక మీద, ఇంకొకటి బయట మోటారు గదిలో పెట్టించాను. మా రోజుల్లో ఈ సీసాలు లేవు, కాబట్టి ఈ భయమూ లేదు. ఇప్పుడు సీసాలు ఇంటింటికీ వచ్చాయి, వాటిని కలపకూడదన్న మాట మాత్రం ఇంటింటికీ రాలేదు.

మూడో ఆదివారం వంటింటి కిందిభాగం. ఫ్రిజ్ వెనక దుమ్ము దులపడం, సింకు కింద తడి ఉందేమో చూడటం, గ్యాసు గొట్టం పగుళ్లిచ్చిందేమో వేలుతో వంచి చూడటం, పప్పుల డబ్బాలు ఎండలో పెట్టడం. ఇందులో చెప్పుకోవాల్సింది డబ్బాల సంగతే. డబ్బా కడిగి వెంటనే కందిపప్పు పోసేస్తారు. అడుగున పిసరంత తడి ఉన్నా ముక్క వాసన వస్తుంది, పురుగు పడుతుంది. ఎండలో బోర్లించి కాదు, వెల్లకిలా పెట్టి, లోపలి గాలి వేడెక్కేదాకా ఉంచాలి. మా కాలంలో గాదె ఖాళీ అయితే అలికి, వారం ఎండనిచ్చి గానీ గింజ పోసేవాళ్లు కాదు.

నాలుగో ఆదివారం తేలిక. ఫ్యాను రెక్కకి పాత దిండుగలేబు తొడిగి, రెండు చేతులతో నొక్కి వెనక్కి లాగితే దుమ్మంతా గలేబులోనే పడుతుంది, మంచం మీద రాలదు. ఇది నాకు మా కోడలు నేర్పింది, మంచి పద్ధతి. పరుపుల దగ్గర మాత్రం ఒకసారి నా మాటే తప్పయింది. బూరుగు దూది పరుపుని ఎంత ఎండేస్తే అంత పొంగుతుంది కదా అని, ఫోము పరుపుని కూడా మే నెల ఎండలో డాబా మీద పడేయించాను. రెండు ఎండాకాలాలకి అంచులు పొడిపొడిగా రాలాయి. ఫోముకి ఎండ పడదు. నీడలో గోడకి నిలబెట్టి ఫ్యాను వేస్తే చాలు.

ఈ నాలుగు వారాల పద్ధతి కూడా ఏడాదంతా ఒకేలా నడవదు. ఇక్కడే ఊరు తెలియాలి. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకి నీళ్లు వదిలాక పల్నాడు పైర్లే మారిపోయాయి. ఇప్పుడు మాఘమాసం నుంచి ఉగాది దాకా మన దిక్కున ఎక్కడ చూసినా మిరప కల్లాలు. బస్తాలు తొక్కుతుంటే, ట్రాక్టర్లు తిరుగుతుంటే ఆ కోరు గాలిలో లేచి కిటికీ జాలీల్లో కూర్చుంటుంది. ఆ నెలల్లో హాలుని నాలుగో వారం దాకా ఆపితే, ఫ్యాను వేసిన ప్రతిసారీ ఇంటిల్లిపాదీ తుమ్ములే. అందుకని మిరప రోజుల్లో హాలు, జాలీలు రెండో ఆదివారానికి తెచ్చి, స్నానాలగదుల్ని నాలుగుకి జరుపుతాం. జాలీని పొడిగుడ్డతో దులపకూడదు, ఆ కారమంతా కళ్లలోకి వస్తుంది. తడిగుడ్డ లోపలివైపు ఆనించి, బయటినుంచి నీళ్లు చిలకరించి తుడవాలి.

శ్రావణం, భాద్రపదాల్లో దుమ్ము ఉండదు, నల్లరేగడి బురద ఉంటుంది. వరండా వారం వారం కడగాల్సిందే. అల్మరాల వెనక గోడకి చెమ్మ ఎక్కుతుంది. ఆ రెండు నెలలు పడకగదిలో అల్మరాని గోడకి జానెడు దూరం లాగి ఉంచుతాం, గాలి ఆడటానికి. సున్నం వేసిన గోడ చెమ్మని పీల్చుకుని తిరిగి వదిలేసేది. ఈ ప్లాస్టిక్ రంగు వదలదు, లోపలే మగ్గబెట్టి పొక్కులు లేపుతుంది. రంగు మార్చమని నేను మా అబ్బాయికి ఇప్పటికి పదిసార్లు చెప్పాను.

ఈ సంక్రాంతికి మా ఇంట్లో సోఫా వాకిట్లోకి రాలేదు. భోగి ముందు ఆదివారం వంటింటి పైభాగం వంతు వచ్చింది, మామూలుగానే తొమ్మిదిన్నరకి ముగించాం. అల్మరా నెత్తి మీద మా మనవరాలు వేలుతో గీసి, "నాయనమ్మా, పొడిగానే ఉంది" అని వేలు చూపించింది. పదింటికి పాకం పెట్టాను. అరిసెలు ఒత్తడానికి కోడలు ఇటుపక్క కూర్చుంది, మనవరాలు అటుపక్క కూర్చుంది.